ఓవర్‌హ్యాంగ్ బీమ్: షియర్, బెండింగ్ పటాలు గీసే తీరు

రెండు ఆధారాల మీద కూర్చుని, ఒక ఆధారాన్ని దాటి ఇంకొంత దూరం బయటికి సాగిన దూలాన్ని ఓవర్‌హ్యాంగ్ బీమ్ అంటారు. గది దాటి బాల్కనీ కిందికి సాగే బీమ్, షెడ్డులో స్తంభం దాటి ముందుకొచ్చే బీమ్ ఈ కోవలోవే. పొడవునా సమంగా బరువు పడినప్పుడు ఇలాంటి బీమ్ ఒకే తీరుగా వంగదు. రెండు ఆధారాల నడుమ కిందికి కుంగుతుంది, బయటి ఆధారం మీద పైకి ఉబ్బుతుంది. కుంగిన చోట అడుగు భాగం సాగుతుంది, ఉబ్బిన చోట పై భాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది కానీ లాగితే తేలిగ్గా పగులుతుంది. కాబట్టి సాగే వైపు ఏది, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అన్నది తెలియకుండా ఇనుప చువ్వలు ఎక్కడ వేయాలో తేలదు. షియర్ ఫోర్స్ పటం, బెండింగ్ మూమెంట్ పటం గీసేది దీన్ని తేల్చుకోవడానికే.

కోసి చూస్తే కనిపించే రెండు బలాలు

బీమ్‌ను ఏదో ఒకచోట నిలువుగా కోసేశామని ఊహించాలి. ఎడమ ముక్క కదలకుండా నిలబడాలంటే, అంతకుముందు కుడి ముక్క దానికి ఏ ఊతం ఇచ్చిందో ఆ ఊతం కోసిన ముఖం మీద ఉండి తీరాలి. ఆ ఊతంలో రెండు అంశాలుంటాయి. ముక్క పైకో కిందికో జారిపోకుండా ఆపే నిలువు బలం షియర్ ఫోర్స్. ముక్క గిర్రున తిరిగిపోకుండా ఆపేది బెండింగ్ మూమెంట్.

గుర్తుల విషయంలో ముందే ఒక మాట అనుకుని చివరిదాకా దానికే కట్టుబడాలి. ఇక్కడ కోతకు ఎడమవైపున పైకి నెట్టే బలాలను ప్లస్‌గా, కిందికి నొక్కే బలాలను మైనస్‌గా తీసుకుని కలిపితే వచ్చేది షియర్ ఫోర్స్ V. బీమ్‌ను కిందికి కుంగేలా వంచే మూమెంట్ M ప్లస్, పైకి ఉబ్బేలా వంచేది మైనస్. కాలేజీల్లో ఈ రెంటినే సాగింగ్, హాగింగ్ అంటారు. కొన్ని పుస్తకాల్లో ఈ గుర్తులు తలకిందులుగా ఉంటాయి. దానివల్ల లెక్క తప్పదు. ఒకే లెక్కలో మధ్యలో పద్ధతి మారిస్తేనే తప్పుతుంది.

లెక్కకు తీసుకున్న బీమ్

A, B అనే రెండు ఆధారాల మధ్య దూరం 4 మీటర్లు. B దాటి బీమ్ ఇంకో 2 మీటర్లు సాగి C దగ్గర ఆగింది. మొత్తం పొడవు 6 మీటర్లు. స్లాబ్ బరువు, బీమ్ సొంత బరువు, మనుషులు, సామాను అన్నీ కలిపి ప్రతి మీటరుకూ 12 కిలోన్యూటన్ల లోడ్ A నుంచి C దాకా సమంగా పరచుకుని ఉంది. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల బరువు. అంటే బీమ్ మీద మీటరుకు దాదాపు పన్నెండు వందల కిలోలు. A, B రెండూ బీమ్‌ను మోస్తాయే తప్ప అది తిరగకుండా పట్టి ఉంచవని అనుకుందాం. బీమ్ గోడ మీద ఊరికే కూర్చుంటే ఈ ఊహ సరిపోతుంది. స్తంభంతో కలిపి పోత పోసిన బీమ్‌కు ఇది సరిగ్గా వర్తించదు, దానికి వేరే లెక్క ఉంది.

మొదటి పని ఆధారాలు ఎంతెంత మోస్తున్నాయో తేల్చడం. మొత్తం లోడ్ 12 × 6 = 72 కిలోన్యూటన్లు. సమంగా పరచిన లోడ్ కాబట్టి, ఆధారాలను లెక్కించేంతవరకు అదంతా పొడవు మధ్యలో, అంటే A నుంచి 3 మీటర్ల దగ్గర, ఒక్కచోటే పడుతోందని తీసుకోవచ్చు. A చుట్టూ మూమెంట్లు తీస్తే B ఇచ్చే ఎదురు బలం 72 × 3 ÷ 4 = 54 కిలోన్యూటన్లు. మిగిలిన 18 కిలోన్యూటన్లు A మోస్తుంది. B వాటా A కన్నా మూడు రెట్లు. బయటికి సాగిన భాగం తన బరువంతా B మీద వేసి, అదే ఊపులో A మీది భారాన్ని కొంత లేపేస్తుంది. అందుకే ఈ తేడా.

లోడ్‌ను ఒకచోట కుప్పగా తీసుకునే వెసులుబాటు ఇక్కడితో సరి. పటాలు గీసేటప్పుడు కూడా 72 కిలోన్యూటన్లూ మధ్యలోనే ఉన్నాయనుకుంటే రెండు పటాలూ పూర్తిగా తప్పుతాయి. ఒక కోత దగ్గర లెక్కలోకి రావాల్సింది ఆ కోతకు ఒక పక్కన ఉన్న లోడ్ మాత్రమే.

షియర్ పటం

A దగ్గర మొదలుపెట్టి కుడివైపుకు నడవాలి. A దగ్గర ఎదురు బలం పైకి నెడుతుంది కాబట్టి పటం ఒక్కసారిగా సున్నా నుంచి +18కి లేస్తుంది. అక్కడినుంచి ప్రతి మీటరుకూ 12 చొప్పున లోడ్ దాన్ని కిందికి దించుతుంది. లోడ్ సమంగా ఉంది కనుక పటం వాలు గీతగా దిగుతుంది. A నుంచి x మీటర్ల దూరంలో V = 18 − 12x. B కాస్త ఎడమన x విలువ 4, కాబట్టి షియర్ 18 − 48 = −30.

B దగ్గర 54 కిలోన్యూటన్లు ఒక్కచోటే పైకి నెడతాయి. పటం −30 నుంచి నిట్టనిలువుగా +24కి ఎగురుతుంది. బయటి భాగంలో మళ్లీ అదే వాలుతో దిగి, 2 మీటర్లలో 24 తగ్గి, C దగ్గర సున్నాకు చేరుతుంది. C దగ్గర ఆధారమూ లేదు, విడి లోడూ లేదు కనుక పటం అక్కడ సున్నాకు రావాల్సిందే. రాకపోతే ఆధారాల లెక్కలోనే తప్పు దొర్లింది. కొసన పిట్టగోడలాంటి విడి బరువు ఉంటే మాత్రం పటం ఆ బరువంత ఎత్తు దగ్గర ఆగి, అక్కడినుంచి నిలువుగా సున్నాకు పడుతుంది.

ఈ పటంలో B దగ్గర రెండు విలువలు ఉండటం చాలామందిని తికమక పెడుతుంది. ఆధారానికి ఎడమ అంచున −30, కుడి అంచున +24, రెండూ నిజమే. వీటి మధ్య తేడా 54, అంటే B ఎదురు బలం ఎంతో అంత. ఈ బీమ్‌లో అన్నిటికన్నా పెద్ద షియర్ 30. అది ఉన్నది బయటి భాగంలో కాదు, B కి లోపలి పక్కన. షియర్‌ను ఓర్చుకునే రింగులను బాల్కనీ వైపే దగ్గరదగ్గరగా కట్టి, గది వైపు ఎడంగా వదిలేస్తే అవసరమైన చోటే తక్కువ పడతాయి.

షియర్ గుర్తు రెండుచోట్ల మారింది. ఒకటి B దగ్గర ఎగిరినప్పుడు. రెండోది A, B ల నడుమ, వాలు గీత సున్నాను దాటిన చోట. 18 − 12x = 0 అయితే x = 1.5 మీటర్లు. ఈ రెండు చోట్లనూ పటం మీద గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే రెండో పటంలో శిఖరాలు వచ్చేది ఇక్కడే.

మూమెంట్ పటం

రెండు పటాలకూ మధ్య ఉన్న బంధం సూటిది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేసరికి మూమెంట్ ఎంత మారిందో, ఆ రెండు చోట్ల మధ్య షియర్ పటం కింద ఉన్న వైశాల్యం అంత. ఏ చోటైనా మూమెంట్ గీతకు ఎంత వాలు ఉందో, అక్కడ షియర్ విలువ అంత. ఈ ఒక్క నియమంతో పటం దాదాపు దానంతటదే తయారవుతుంది.

A దగ్గర మూమెంట్ సున్నా. అక్కడినుంచి 1.5 మీటర్ల దాకా షియర్ పటం ఒక త్రిభుజం. దాని వైశాల్యం ½ × 1.5 × 18 = 13.5. కాబట్టి 1.5 మీటర్ల దగ్గర మూమెంట్ +13.5 కిలోన్యూటన్ మీటర్లు. కిందికి కుంగే వంపులో ఇదే గరిష్ఠం. అక్కడినుంచి B దాకా ఇంకో త్రిభుజం, ఈసారి మైనస్ వైపు. వైశాల్యం ½ × 2.5 × 30 = 37.5. 13.5 నుంచి 37.5 తీసేస్తే B దగ్గర −24. ఆ తర్వాత బయటి భాగంలోని త్రిభుజం ½ × 2 × 24 = 24, ప్లస్ వైపు. −24 కు అది కలిస్తే C దగ్గర సున్నా. స్వేచ్ఛగా ఉన్న కొసన ఉండాల్సింది అదే.

B దగ్గరి విలువను ఇంకో దారిలో సరిచూసుకోవచ్చు. కుడివైపు నుంచి చూస్తే B ని దాటి ఉన్నది 2 మీటర్ల మీద 24 కిలోన్యూటన్ల లోడ్. దాని మధ్య బిందువు B నుంచి 1 మీటరు దూరం. 24 × 1 = 24, ఉబ్బే వంపు కనుక −24. ఎడమనుంచి వచ్చినా కుడినుంచి వచ్చినా ఒకే సంఖ్య రావాలి. ఈ ఒక్క పరీక్షలో నెగ్గిన పటంలో పెద్ద తప్పు ఉండే అవకాశం తక్కువ.

విలువలన్నీ ఒకచోట చేరిస్తే ఇలా ఉంటాయి.

| A నుంచి దూరం (మీ.) | షియర్ (కిలోన్యూటన్) | మూమెంట్ (కిలోన్యూటన్ మీటర్) |
|---|---|---|
| 0 (A) | +18 | 0 |
| 1.5 | 0 | +13.5 |
| 3 | −18 | 0 |
| 4 (B) | −30, +24 | −24 |
| 6 (C) | 0 | 0 |

బిందువులను కలిపే తీరు

విలువలు సరిగ్గా వచ్చినా, వాటిని కలిపే గీత తప్పుగా గీయడం తరచూ జరిగే పొరపాటు. సమంగా పరచిన లోడ్ కింద షియర్ సరళరేఖ, మూమెంట్ పారాబోలా. ఆ పారాబోలా ఎటు వంపు తిరగాలన్నది వాలు చెబుతుంది. A దగ్గర షియర్ +18 కాబట్టి గీత గట్టి ఏటవాలుతో ఎక్కడం మొదలుపెట్టి, 1.5 మీటర్ల దగ్గర సమతలమై, ఆపైన అంతకంతకూ నిటారుగా దిగుతూ B కి చేరుతుంది. ప్లస్‌ను పైకి గీసే పద్ధతిలో ఇది బోర్లించిన గిన్నె ఆకారం.

బయటి భాగంలో గీత B దగ్గర +24 వాలుతో వేగంగా ఎక్కి, C చేరేసరికి షియర్ సున్నా అవుతుంది కనుక సమతలంగా వచ్చి ఆధార రేఖను మెత్తగా తాకుతుంది. అక్కడ సూటి గీత గీసినా, కొస దగ్గర కోణంగా ముగించినా తప్పే. సూటి గీత వచ్చేది కొసన విడి బరువు మాత్రమే ఉన్నప్పుడు. ఇక B దగ్గర గీత గుండ్రంగా తిరగకూడదు. వాలు −30 నుంచి +24కి ఒక్కసారిగా మారుతుంది కాబట్టి అక్కడ సూదిమొనలాంటి మూల రావాలి.

అంటే ఈ పటంలో ఒక శిఖరం గుండ్రం, ఒక శిఖరం మొన. గరిష్ఠాన్ని వెతికేటప్పుడు V = 0 అన్న సమీకరణం ఒక్కటే పట్టుకుంటే గుండ్రటి శిఖరమే దొరుకుతుంది, 13.5 తో ఆగిపోతారు. ఈ బీమ్‌ను ఏలే విలువ 24, అది మొన దగ్గర ఉంది. వెతకాల్సింది షియర్ సున్నా అయ్యే చోటును మాత్రమే కాదు, గుర్తు మారే ప్రతి చోటునూ.

వంపు తిరగబడే చోటు

A, B ల నడుమ మూమెంట్ ప్లస్ నుంచి మైనస్‌కు మారేటప్పుడు ఎక్కడో సున్నా అవుతుంది. దాన్ని కాంట్రాఫ్లెక్షర్ బిందువు అంటారు. ఆ భాగంలో మూమెంట్ M = 18x − 6x². ఇది సున్నా కావాలంటే x = 3 మీటర్లు. అంటే A నుంచి 3 మీటర్ల దాకా బీమ్ అడుగు భాగం సాగుతుంది. ఆ తర్వాత B వరకు ఉన్న 1 మీటరులోనూ, B దాటిన 2 మీటర్లలోనూ సాగేది పై భాగం. సున్నా మూమెంట్ ఉంది కదా అని అక్కడ బీమ్‌కు పని లేదనుకోకూడదు. 3 మీటర్ల దగ్గర షియర్ 18, అంటే A దగ్గర ఉన్నంత.

బాల్కనీలు కూలిన సందర్భాల్లో తరచూ కనిపించే కారణం ఇక్కడే ఉంది. గది బీమ్‌లో ముఖ్యమైన చువ్వలు అడుగున ఉంటాయి. అదే అలవాటుతో బయటి భాగంలోనూ అడుగునే వేస్తే, లాగుడు పడే పై ముఖంలో కాంక్రీటు తప్ప ఏమీ మిగలదు. పైన వేసిన చువ్వలు కూడా పోత పోసేటప్పుడు మనుషులు తొక్కి కిందికి దిగబడితే అంతే సంగతి. ఆధారం గీటున పైనుంచి కిందికి దిగే అడ్డ పగులు కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే.

లోడ్ అంతటా ఉండటం పెద్ద ప్రమాదం కాదు

ఇప్పటిదాకా లోడ్ A నుంచి C దాకా ఒకేలా ఉందనుకున్నాం. అసలు కట్టడంలో అలా ఎప్పుడూ ఉండదు. ఆ 12 లో 8 కిలోన్యూటన్లు కట్టడం సొంత బరువనీ, మిగిలిన 4 మనుషులూ సామానూ అనీ అనుకుందాం. మొదటిది కదలదు. రెండోది ఒకసారి గదిలో ఉండి బాల్కనీలో లేకపోవచ్చు, ఇంకోసారి ఊరేగింపు చూడటానికి అందరూ బాల్కనీలోకి రావచ్చు.

మనుషులంతా గదిలోనే ఉంటే A, B ల నడుమ మీటరుకు 12, బయట 8. మళ్లీ లెక్క వేస్తే A మోసేది 20 కిలోన్యూటన్లు. షియర్ సున్నా అయ్యేది 1.67 మీటర్ల దగ్గర. అక్కడి మూమెంట్ 16.7. అంతటా లోడ్ ఉన్నప్పుడు వచ్చిన 13.5 కన్నా ఇది దాదాపు నాలుగో వంతు ఎక్కువ. బాల్కనీ మీద బరువు తగ్గితే గది భాగానికి కష్టం పెరిగింది. ఎందుకంటే అప్పటిదాకా ఆ బరువు B చుట్టూ అటువైపు వంచి, నడుమ భాగాన్ని కుంగకుండా పట్టి ఉంచింది.

అందరూ బాల్కనీలోకి వస్తే లోపల 8, బయట 12. అప్పుడు A మోసేది 10 కిలోన్యూటన్లు. B దగ్గర మూమెంట్ మారదు, −24 గానే ఉంటుంది. కానీ వంపు తిరగబడే చోటు 3 మీటర్ల నుంచి 2.5 మీటర్లకు జరుగుతుంది. పై ముఖంలో లాగుడు ఇప్పుడు B నుంచి లోపలికి ఒక మీటరు కాదు, ఒకటిన్నర మీటర్లు పాకింది. మొదటి పటం చూసి పై చువ్వలను మీటరు దగ్గరే ఆపేస్తే, ఆ మిగిలిన అర మీటరులో లాగుడును అందుకునేవారు ఉండరు.

అందుకే కనీసం మూడు లోడ్ అమరికలకు విడివిడిగా మూమెంట్ పటాలు గీసి, ఒకదాని మీద ఒకటి పరచి, ప్రతిచోటా బయటి అంచును తీసుకుంటారు. అయినా చువ్వలను సరిగ్గా సున్నా దగ్గర కోయరు. భారతీయ ప్రమాణం IS 456:2000 ప్రకారం ఆధారం దగ్గర పైన వేసిన చువ్వల్లో కనీసం మూడో వంతు ఆ బిందువును దాటి ఇంకొంత దూరం పోవాలి. ఆ దూరం బీమ్ ప్రభావక లోతు, చువ్వ మందానికి 12 రెట్లు, ఆధారాల మధ్య ఖాళీలో పదహారో వంతు, ఈ మూడింటిలో పెద్దది. ఈ బీమ్ ప్రభావక లోతు 400 మిల్లీమీటర్లు, చువ్వ 16 మిల్లీమీటర్లది అయితే ఆ మూడూ 400, 192, సుమారు 250. పెద్దది 400. కాబట్టి ఆ మూడో వంతు చువ్వలు B నుంచి లోపలికి కనీసం 1.9 మీటర్లు సాగాలి.

ఎంత దూరం సాగితే ఏమవుతుంది

బయటి భాగమే లేకపోతే ఇదే 4 మీటర్ల బీమ్ మధ్యలో మూమెంట్ 12 × 4² ÷ 8 = 24 అయ్యేది. 2 మీటర్లు బయటికి సాగేసరికి నడుమ మూమెంట్ 13.5కు తగ్గి, ఆ 24 ఆధారం మీద మైనస్‌గా తేలింది. బయటి పొడవును కొంచెం తగ్గిస్తే ఈ రెండూ సమానమవుతాయి. అంతటా సమాన లోడ్ ఉన్నప్పుడు ఆ పొడవు, ఆధారాల మధ్య దూరానికి 0.414 రెట్లు. 4 మీటర్లకు అది 1.66 మీటర్లు, రెండు మూమెంట్లూ దాదాపు 16.5.

పెంచుకుంటూ పోతే A మోసే భారం తగ్గుతూ పోతుంది. బయటి పొడవు లోపలి పొడవుతో సమానమైతే A మోసేది సున్నా. అదీ దాటితే A దగ్గర బీమ్ పైకి లేస్తుంది, దాన్ని కిందికి బిగించాలి. షియర్ పటం A దగ్గర పైకి లేవడానికి బదులు కిందికి దిగడం మొదలుపెడితే దాని అర్థం ఇదే.

ఈ సరిహద్దు స్థితిని గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో ఒక ఉదంతంగా వర్ణించాడు. ఒక పెద్ద పాలరాతి స్తంభాన్ని రెండు కొసల దగ్గర దుంగల మీద పడుకోబెట్టారు. సొంత బరువుకు నడుమ విరుగుతుందేమోనని మధ్యలో మూడో ఆధారం పెట్టారు. కొన్ని నెలలకు స్తంభం సరిగ్గా ఆ మధ్య ఆధారం మీదే విరిగింది. కొస దుంగల్లో ఒకటి కుళ్లి కుంగిపోవడంతో సగం స్తంభం గాలిలో మిగిలింది. రెండే ఆధారాలు ఉంటే ఒకటి కుంగినా స్తంభం దానితోపాటే వాలేదని అతని వివరణ.

ఇప్పటి లెక్కతో చూస్తే అది బయటి పొడవూ లోపలి పొడవూ సమానమైన ఓవర్‌హ్యాంగ్ బీమ్. మొత్తం పొడవును L, మీటరు బరువును w అనుకుంటే, ఆధారాలు సరిగ్గా కొసల్లో ఉన్నప్పుడు నడుమ మూమెంట్ wL²/8. ఒక కొస కుంగిన తర్వాత మధ్య ఆధారం మీద w(L/2)²/2, అదీ wL²/8 యే. దేనికి భయపడి మూడో దుంగ పెట్టారో, అంతే మూమెంట్ తలకిందులై పై ముఖాన్ని లాగింది.